గోడలు, కిటికీలు కదలకుండా పాత ఇంటి ఎలివేషన్ మార్చి చూపించడం

ప్రశ్న: మా నాన్నగారు 1995లో కట్టించిన జీ ప్లస్ వన్ ఇల్లు మాది. ఎలివేషన్ బాగా పాతబడిపోయింది. గోడలు కొట్టకుండా, కిటికీలు తలుపులు ఉన్నచోటే ఉంచి, పైపైన మార్పించాలనుకుంటున్నాం. ఎలా ఉంటుందో నాన్నగారికి, మేస్త్రికి చూపిద్దామని ఫోటోషాప్‌లో ముందు, తర్వాత బొమ్మ చేశాను. నా బొమ్మలో కిటికీలు పెద్దవైనట్టు, గోడ అట్టముక్కలా కనిపిస్తోంది. నాన్నగారు చూసి "ఇది మన ఇల్లు కాదురా" అన్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం:

మీరు వర్ణించినదాన్ని బట్టి తప్పు రంగుల్లో లేదు, కిటికీ అంచుల్లో ఉంది. గుంటూరు, విజయవాడ వైపు పాత ఇళ్లకు ఇలాంటి బొమ్మలు చేయడం పద్దెనిమిదేళ్లుగా నా పని. నేర్చుకునే పిల్లలందరూ మొదట చేసే పొరపాటు ఇదే.

ఒకసారి బయటికి వెళ్లి మీ ఇంటి కిటికీ ముందు నిలబడి చూడండి. కిటికీ అంచు అంటే ఒక గీత కాదు. బయటి గోడ ప్లాస్టరింగ్ ముగిసే మూల ఒక గీత. అక్కడినుంచి గోడ మందం లోపలికి మూడు నాలుగు అంగుళాలు వెళ్తుంది. ఆ తర్వాత చెక్క ఫ్రేము మొదలయ్యేది రెండో గీత. ఈ రెండు గీతల మధ్య కనిపించే సన్నటి పక్క మందమే "ఇది తొమ్మిదంగుళాల గోడ" అని కంటికి చెబుతుంది. ఒక పక్క ఎండ పడి తెల్లగా, ఇంకో పక్క నీడలో ముదురుగా, కింద సిల్లు మీద కొంచెం దుమ్ముతో ఉంటుంది. ఫోటోలో దాని వెడల్పు పది పదిహేను పిక్సెళ్లు కూడా ఉండకపోవచ్చు. మీరు కొత్త ఫ్రేము వేసేటప్పుడు దాన్ని ప్లాస్టరింగ్ మూలదాకా సాగదీసి ఉంటారు. దాంతో పక్క మందం పోయింది, కిటికీ రెండు వైపులా ఆ మేరకు పెరిగింది. కొందరు దీనికి తిరగేసి, గోడ రంగును ఫ్రేముదాకా పూసేస్తారు. అప్పుడు కిటికీ పెరగదు గానీ గోడకు అంటించిన స్టిక్కరులా అవుతుంది. రెండు సందర్భాల్లోనూ ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఏం తేడా వచ్చిందో చెప్పడం రాకపోయినా, తేడా మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

అందుకని నా పద్ధతిలో మొదటి నియమం ఇది: పక్క మందం గోడకు చెందదు, కిటికీకి చెందుతుంది. గోడ మీద ఏం మార్చినా ప్లాస్టరింగ్ మూల దగ్గర ఆగాలి. కిటికీలో ఏం మార్చినా ఫ్రేము బయటి గీత లోపలే జరగాలి. మధ్యలో ఉన్న ఆ సన్నటి పట్టీకి, కావాలంటే రంగు మార్చండి. ఆకారం, వెలుగు మాత్రం ఫోటోలో ఎలా వచ్చాయో అలాగే ఉంచండి.

ఇక మొదటినుంచి ఎలా చేయాలో, గుంటూరులో నేను చేసిన ఒక ఇంటి లెక్కలతో చెబుతాను. మీ ఇంటి కాలందే, 1996లో కట్టింది. తూర్పు ముఖం. లేత గులాబీ రంగు గోడలు, వాటి మీద అడ్డంగా గ్రిట్ వాష్ పట్టీలు, పిట్టగోడకు సిమెంటు పూల జాలీ, కిటికీలకు నెమలి డిజైను గ్రిల్స్. ఇంటివాళ్లు మీలాగే ఒక్క ఇటుక కూడా కదపొద్దన్నారు.

ఫోటో తీయడంతోనే సగం పని అయిపోతుంది. ఇంటి ముందు రోడ్డు 30 అడుగులది. రోడ్డు మీద నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే గోడలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి. దాన్ని సరిచేయడానికి కంప్యూటర్లో లాగితే పై అంతస్తు కిటికీలు సాగుతాయి. అందుకే ఎదురింటివాళ్లను అడిగి వాళ్ల మొదటి అంతస్తు బాల్కనీలోంచి తీశాను. ఫోన్ ఇంటి ఎత్తుకు సగానికి కాస్త పైన ఉంది కాబట్టి నిలువు గీతలు దాదాపు నిలువుగానే వచ్చాయి. ఇల్లంతా పట్టడం లేదని 0.5 లెన్సుకు మాత్రం వెళ్లకండి. అది అంచుల దగ్గర కిటికీలను పక్కకు సాగదీస్తుంది. 1x లోనే ఉంచి, వీలైనంత వెనక్కి జరగండి.

తూర్పు ముఖం ఇంటిని ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో తీయడానికి ఒక కారణం ఉంది. అప్పటి ఎండలో సన్‌షేడ్ నీడ గోడ మీద స్పష్టంగా పడుతుంది గానీ మరీ పొడవుగా దిగదు. పొద్దు పైకెక్కేకొద్దీ ఆ నీడ కిందికి జారి కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. అప్పుడు పైన చెప్పిన రెండు గీతలూ చీకట్లో కలిసిపోతాయి. కనిపించని అంచును కదలకుండా ఉంచడం ఎవరివల్లా కాదు. మబ్బు పట్టిన రోజున తీస్తే అంచులన్నీ బాగా కనిపిస్తాయి, రంగు మార్చడం కూడా తేలిక. అయితే కొత్తగా ఏదైనా ముందుకు తెస్తే దాని నీడ ఎంత పడాలో చెప్పే ఆధారం ఉండదు. నేను పలచటి ఎండకే మొగ్గుతాను.

ఫోటోతోపాటు టేపు కూడా పట్టుకెళ్లండి. ఒక్క కిటికీ వెడల్పు, ఎత్తు, సన్‌షేడ్ ఎంత ముందుకు వచ్చింది, రెండు అంతస్తుల సిల్లుల మధ్య ఎంత దూరం, ఈ నాలుగు కొలతలు చాలు. ఆ ఇంట్లో కింది కిటికీ 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. సన్‌షేడ్ 2 అడుగులు. సిల్లు నుంచి సిల్లుకు 10 అడుగుల 5 అంగుళాలు. ఇవి తర్వాత ఎలా పనికొస్తాయో చూస్తారు.

కంప్యూటర్లో ఫోటో తెరిచాక లెన్సు వంపు, నిలువు గీతల వాలు ముందే సరిచేసి, ఆ ఫైలును సేవ్ చేసేయండి. ఆ తర్వాత సాగదీయడం, తిప్పడం, కత్తిరించడం ఏదీ వద్దు. "ముందు" బొమ్మ ఆ ఫైలే, "తర్వాత" బొమ్మకు పునాది కూడా ఆ ఫైలే. చాలామంది తర్వాత బొమ్మను మాత్రమే నిటారుగా సరిచేసి, ముందు బొమ్మను ఫోన్‌లోంచి వచ్చినట్టే పెడతారు. పక్కపక్కన పెట్టగానే పాత ఇల్లు వాలిపోయినట్టు, కొత్త ఇల్లు పొడుగైనట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు రంగు జోలికి వెళ్లకముందే కిటికీలకు, తలుపులకు తాళం వేయాలి. తెర మీద ఫోటోను 300 శాతానికి జూమ్ చేసి, Pen Tool తో ప్రతి కిటికీ, తలుపు చుట్టూ ప్లాస్టరింగ్ మూల మీదుగా గీత గీయండి. సన్‌షేడ్‌లు, శ్లాబు అంచులు, పోర్టికో స్తంభాలు విడిగా ఇంకో గీతగా గీయండి. కిటికీల గీతను సెలెక్షన్‌గా మార్చి Select > Save Selection తో ఒక పేరు పెట్టి దాచుకోండి. తర్వాత గోడ పని అంతా ఒకే గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకు మాస్కు వేయండి. గోడ కానిచోటంతా, ముఖ్యంగా కిటికీల చోట, మాస్కు నల్లగా ఉంటుంది. ఇక లోపల ఎన్ని పొరలు వేసినా, బ్రష్ చెయ్యి జారినా, కిటికీ మీదికి ఏదీ రాదు. ఇంతకుముందు ప్రతి పొరకూ విడిగా మాస్కు వేసేవాణ్ణి. ఎక్కడో ఒక పొరలో రెండు పిక్సెళ్లు అటూఇటూ అయ్యేది, పది పొరలు చేరేసరికి అంచు మసకబారిపోయేది. గ్రూపుకు ఒకే మాస్కు వేసినప్పటినుంచి ఆ బాధ లేదు. మాస్కు అంచుకు అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ ఫెదర్ చాలు. అంతకు మించితే కిటికీ చుట్టూ పాత గులాబీ రంగు సన్నటి వలయంలా మిగిలిపోతుంది.

సన్‌షేడ్ గురించి ఒక మాట. పాత ఇల్లు అనగానే అందరికీ ముందు తీసేయాలనిపించేది దాన్నే. మన ఇళ్లలో సన్‌షేడ్‌ను సాధారణంగా లింటెల్‌తో కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. దాన్ని కొట్టడం అంటే కిటికీ మీద బరువు మోసే లింటెల్ దగ్గర సుత్తి పెట్టడం. పైగా మన వానలకు, ఎండకు అది కావాలి. బొమ్మలో దాన్ని చెరపడానికి ఒక్క నిమిషం పడుతుంది, అందుకే ఆ నిమిషం చాలా ప్రమాదం. నేను దాన్ని గోడలో భాగంగానే లెక్కేసి కదపను. దాని కింద అతికించిన వంపు డిజైన్లు, గ్రిట్ వాష్ పట్టీలు, పిట్టగోడ పూల జాలీ, గ్రిల్స్, రెయిలింగ్, ఇవన్నీ మార్చుకోవచ్చు. పిట్టగోడ పై గీత ఎత్తు మాత్రం మార్చను. ఆకాశం మీద ఇంటి ఆకారాన్ని గీసేది ఆ గీతే.

అసలు సమస్య డిజైన్ దగ్గర వస్తుంది. ఆ కాలపు ఇళ్లలో కిటికీలు లోపలి గదుల లెక్కలో పెట్టారు, బయట వరస చూసుకోలేదు. ఆ ఇంట్లో కింది కిటికీ 5 అడుగులు, దాని పైది 4 అడుగులు. పైదాని మధ్య గీత కిందిదాని మధ్య గీతకన్నా 9 అంగుళాలు కుడికి ఉంది. గోడంతా ఒకే తెలుపు వేస్తే ఆ వంకర ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కిటికీ జరపకూడదు, కాబట్టి కన్ను దేన్ని ఆకారంగా చూస్తుందో దాన్ని మార్చాలి.

రెండు కిటికీలనూ కలిపి చూస్తే, కిందిదాని ఎడమ అంచు నుంచి పైదాని కుడి అంచుదాకా 5 అడుగుల 3 అంగుళాలు. దానికి రెండు వైపులా ఆరేసి అంగుళాలు కలిపి 6 అడుగుల 3 అంగుళాల వెడల్పుతో, పునాది మట్టం నుంచి పిట్టగోడదాకా ఒకే నిలువు పట్టీ తీసుకున్నాను. ఆ పట్టీకి ముదురు బూడిద రంగు రాతి టైలు క్లాడింగ్. మిగతా గోడంతా లేత రంగు. పగటిపూట కిటికీ అద్దాలు దూరానికి ముదురుగానే కనిపిస్తాయి కదా, ముదురు పట్టీలో అవి కలిసిపోతాయి. మధ్యలో వచ్చే సన్‌షేడ్‌కు కూడా అదే ముదురు రంగు వేశాను. చూసేవాళ్లకు ఒక తిన్నటి నిలువు పట్టీ కనిపిస్తుంది, లోపల కిటికీలు వంకరగా ఉన్న సంగతి తట్టదు. కిటికీలు మాత్రం అంగుళం కూడా కదలలేదు. మీ ఇంటికి కూడా ముందు కాగితం మీద అన్ని కిటికీల అంచులూ గీసుకుని, వేటిని కలిపి ఒక పట్టీలోకి తేగలరో చూడండి. ఒక అంతస్తులో పక్కపక్కన ఉన్న రెండు చిన్న కిటికీలైతే, మధ్య గోడ ముక్కకు మాత్రమే ముదురు రంగు వేస్తే ఒక పొడుగాటి కిటికీలా కలుస్తాయి.

రంగు మార్చేటప్పుడు గులాబీ గోడ మీద నేరుగా కొత్త రంగు Multiply లో వేస్తే మురికి గులాబీ వస్తుంది. Multiply ఎప్పుడూ ముదురు చేస్తుందే తప్ప తెల్లబరచదు. అందుకని ముందు గోడ గ్రూపులో Black & White పొరతో పాత రంగు తీసేయండి. తర్వాత Levels తో వెలుగు పెంచండి. ఆ ఇంట్లో రంగు తీశాక ఎండ పడిన గోడ 190 దగ్గర, సన్‌షేడ్ నీడ 85 దగ్గర ఉంది. Levels లో తెలుపు స్లైడరును 255 నుంచి 205కి జరిపితే గోడ 236కి, నీడ 106కి వచ్చాయి. రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగాయి కాబట్టి నీడ నీడలాగే ఉంది. దాని మీద Solid Color పొరను Multiply లో పెట్టి కావలసిన రంగు వేసుకోండి. వెలుగు పెంచేటప్పుడు 240 దాటనివ్వకండి. గోడ 255కి చేరితే ప్లాస్టరింగ్ గరుకుదనం మొత్తం పోతుంది. మీరు చెప్పిన "అట్టముక్క" రూపానికి ఇది రెండో కారణం అయి ఉండొచ్చు.

పాత గోడ మీద వాన చారలు, పాకుడు మరకలు రంగు తీసినా నల్లటి గీతలుగా మిగులుతాయి. వాటిని Levels కంటే ముందే, కింద ఇంకో పొరలో Healing Brush తో తుడవాలి. ఇక్కడ చెయ్యి కాస్త అదుపులో పెట్టుకోవాలి. మరక ఏది, నీడ ఏది అని చూసుకోకుండా తుడిస్తే సన్‌షేడ్ కింద ఉండే మెత్తటి నీడ కూడా పోతుంది. గ్రిట్ వాష్ పట్టీలు తీసేటప్పుడు పక్కనున్న మామూలు ప్లాస్టరింగును తెచ్చి కప్పండి, అదీ అదే ఎత్తులో ఎడమనుంచో కుడినుంచో తెచ్చుకోండి. పైనుంచి కిందికి గోడ వెలుగు మారుతూ ఉంటుంది. వేరే ఎత్తులోది తెస్తే అతుకు కనబడుతుంది.

టైలు వేయడంలో నమ్మకం కలిగించేది కొలత. ఫోటోలో 5 అడుగుల కిటికీ 410 పిక్సెళ్లు వచ్చింది. అంటే అడుగుకు 82. నేను అనుకున్న టైలు 2 అడుగుల పొడవు, అడుగు ఎత్తు, కాబట్టి ఒక్కో టైలు 164 పిక్సెళ్ల పొడవు, 82 ఎత్తు. ఇంటర్నెట్‌లో దొరికిన రాతి బొమ్మను అందాజుగా పరిచేస్తే ఒక్కో రాయి కిటికీలో సగం ఉంటుంది, ఇల్లు బొమ్మరిల్లులా మారిపోతుంది. ఫోటో కొంచెం పక్కనుంచి తీసి ఉంటే Filter > Vanishing Point వాడండి. కిటికీ నాలుగు మూలల మీద క్లిక్ చేస్తే తలం ఏర్పడుతుంది, దాని అంచులు పట్టుకుని గోడంతా సాగదీయండి. టైలు బొమ్మను ముందే కాపీ చేసుకుని, కొత్త ఖాళీ పొరలో ఈ ఫిల్టర్ తెరిచి, లోపల అతికించి తలంలోకి లాగితే వాలు దానంతటదే సరిపోతుంది. మీ దగ్గర ఫోటోషాప్ బదులు జింప్ ఉంటే Perspective టూల్‌తో నాలుగు మూలలు చేత్తో సర్దుకోవాలి. మాస్కులు, Multiply, Difference అన్నీ అందులోనూ ఉన్నాయి.

టైలు వరస ఎక్కడ మొదలవుతుందో కూడా చూడండి. కింది కిటికీ 4 అడుగుల ఎత్తు కాబట్టి సిల్లు దగ్గర ఒక జాయింటు పెడితే సరిగ్గా నాలుగు వరసలకు లింటెల్ మట్టం వస్తుంది, ముక్క కోయక్కర్లేదు. పై కిటికీ దగ్గర అది కుదరలేదు. సిల్లు నుంచి సిల్లుకు 10 అడుగుల 5 అంగుళాలు కదా, ఆ 5 అంగుళాలు ఎక్కడో ఒకచోట కోత ముక్కగా రావాలి. పై సిల్లు నుంచి కిందికి వరసలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, కోత ముక్కను కింది సన్‌షేడ్‌కు సరిగ్గా పైన పడేశాను. రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు సన్‌షేడే దాన్ని కప్పేస్తుంది. టైల్స్ మేస్త్రి ఆ బొమ్మ చూసి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, నేరుగా దారం పట్టాడు.

టైలు పొరను Normal లో ఉంచి వదిలేస్తే పాత నీడలన్నీ దాని కింద పాతిపెట్టినట్టవుతాయి. రంగు తీసి, మరకలు తుడిచి, వెలుగు పెంచిన ఆ గోడ పొరలను ఫోటోతో కలిపి ఒకే పొరగా చేసిన కాపీని టైలు పైన Multiply లో పెట్టండి. సన్‌షేడ్ నీడ టైలు మీద తిరిగి పడుతుంది.

ఇక కొత్తగా ముందుకొచ్చే వాటి నీడ. ఆ పట్టీకి రెండు పక్కలా 6 అంగుళాలు ముందుకొచ్చేలా సన్నటి అంచు పెట్టాం. దాని నీడ ఎంతుండాలో ఊహించనక్కర్లేదు, పాత సన్‌షేడే చెబుతుంది. 2 అడుగుల సన్‌షేడ్ నీడ గోడ మీద అడుగున్నర కిందికి దిగింది, ఒక అడుగు కుడికి జరిగింది. అది అక్టోబరు చివర, పొద్దు ఆగ్నేయం వైపు ఉంది, అందుకే నీడ ఉత్తరానికి, అంటే ఫోటోలో కుడికి పోయింది. కొత్త అంచు సన్‌షేడ్‌లో పావు వంతు, కాబట్టి నీడ కూడా పావు వంతే. కిందికి నాలుగున్నర అంగుళాలు, కుడికి 3 అంగుళాలు. పిక్సెళ్లలో 31, 20. ఎడమ అంచు నీడ టైలు మీద, కుడి అంచు నీడ లేత గోడ మీద పడతాయి. నీడ ముదురు కూడా కొత్తగా ఎంచుకోకండి. పాత నీడ, పాత గోడల నిష్పత్తి 85కి 190, అంటే దాదాపు 45 శాతం. లేత గోడ అయినా ముదురు టైలు అయినా నీడలో ఉన్న భాగం వెలుగు, ఎండలో ఉన్నదానిలో 45 శాతం ఉండేలా చూసుకుంటే ఇది అతికించిన బొమ్మ అని ఎవరికీ అనిపించదు.

కిటికీల లోపలి పని చివర్లో, వేరే గ్రూపులో చేయండి. ఇందాక దాచుకున్న కిటికీల సెలెక్షన్ తెచ్చి దీనికి మాస్కుగా వేయండి, ఫ్రేము బయటి గీత మాత్రం దాటకండి. నెమలి గ్రిల్ తీయాలంటే వెనకాల అద్దం ఎలా ఉందో తెలియాలి. గ్రిల్ సందుల్లోంచి కనిపించే అద్దం రంగును తీసుకుని, పైన కొంచెం ఆకాశం ప్రతిబింబం, కింద ముదురుగా మెల్లగా మారేలా నింపండి. దాని మీద నిలువు కడ్డీల గ్రిల్ గీయండి. చెక్క ఫ్రేము బదులు యూపీవీసీ చూపిస్తున్నట్టయితే ఒకటి గుర్తుంచుకోండి. పాత రంధ్రంలోనే కొత్త ఫ్రేము కూర్చోవాలి. పాత చెక్క ఫ్రేము తీయకుండా దాని లోపలే యూపీవీసీ బిగిస్తే అద్దం ముందుకన్నా చిన్నదవుతుంది. బొమ్మలో అద్దం పెద్దదైతే ఎక్కడో అంచు దాటారన్నమాటే.

అంతా అయ్యాక పరీక్ష పెట్టండి. అసలు ఫోటో పొర కాపీని అన్నిటికన్నా పైన పెట్టి, బ్లెండ్ మోడ్ Difference చేయండి. మారని చోట నలుపు, మారిన చోట వెలుగు కనిపిస్తుంది. గోడంతా మెరుస్తుంది, అది సహజం. మీరు చూడాల్సింది కిటికీల చుట్టూ ఉన్న పక్క మందం. అది పూర్తి నలుపుగా, గోడ వెలుగుకూ కిటికీ లోపలి వెలుగుకూ మధ్య నల్ల చట్రంలా నిలబడాలి. ఎక్కడైనా ఆ చట్రం తెగినా, ఒక వైపు సన్నబడినా అక్కడ అంచు జరిగింది. పక్క మందానికి రంగు మార్చి ఉంటే ఈ పరీక్షకు ముందు ఆ పొర కళ్లు మూయండి. సన్‌షేడ్ రంగు పొర కూడా అలాగే. అప్పుడు సన్‌షేడ్ బయటి గీత నల్లగా రావాలి. ఇది పనిచేసే ఫైలులోనే చేయండి. జేపెగ్‌గా సేవ్ చేశాక చేస్తే కుదింపు వల్ల అంతటా చుక్కలు వచ్చి ఏదీ తేలదు.

ఒక అనుభవం చెప్పాలి. మొదట్లో ఒక ఇంటికి చేసిన బొమ్మలో, ముందు గోడ మీదుగా దిగే వాననీటి పైపు అందంగా లేదని చెరిపేశాను. మీటర్ బాక్సు కూడా తీసేశాను. గోడలు, కిటికీలు కదపకపోతే చాలనుకున్నాను. పని అయ్యాక ఆ పెద్దాయన బొమ్మ చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "పైపు ఎక్కడికి పోయిందయ్యా ఇందులో?" అని అడిగారు. దాన్ని పక్క గోడకు మార్చాలంటే మేడ మీద వాలు మార్చాలి, అందుకు ఒప్పుకున్న ఖర్చులో డబ్బు లేదు. ఆయన కోపగించుకోలేదు, చాలా బాధపడ్డారు. అప్పటినుంచి పైపులు, మీటర్ బాక్సు, మేడ మీద ట్యాంకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కరెంటు తీగలు అన్నీ బొమ్మలో ఉంచుతున్నాను. పైపుకు గోడ రంగు వేసి చూపిస్తాను, నిజంగా చేయగలిగేది అదే కాబట్టి. ముదురు పట్టీ పక్కనుంచి వెళ్లేలా ప్లాన్ చేస్తే పైపు అసలు గుర్తుకే రాదు.

అదే కారణంతో ఆకాశం కూడా మార్చను. ముందు బొమ్మలో తెల్లటి పొద్దు, తర్వాత బొమ్మలో సాయంత్రపు నారింజ ఆకాశం, వెలిగే లైట్లు, గేటు ముందు పచ్చిక పెడితే, నచ్చింది ఎలివేషనా ఆకాశమా అని ఇంటివాళ్లకు తెలియదు. లైట్లు చూపించాలంటే రాత్రి ఫోటో విడిగా తీసి, దానికి ముందు, తర్వాత విడిగా చేయండి. ఇంటి ముందు ఆగిన స్కూటరు తీసేయొచ్చు. పక్కింటి గోడ మాత్రం ఉండాలి.

మీ నాన్నగారికి చూపించేటప్పుడు పక్కపక్కన పెట్టి చూపించకండి. ఫోన్‌లో రెండు బొమ్మలూ ఒకే సైజులో వరసగా పెట్టి, వేలితో ముందుకీ వెనక్కీ జరుపుతూ చూడమనండి. కిటికీలు ఉన్నచోటే నిలబడి చుట్టూ గోడ మాత్రం మారుతుంటే, ఎక్కడ ఏం మారిందో ఆయనే వేలు పెట్టి చూపిస్తారు. మేస్త్రికి మాత్రం ఫోన్ ఇవ్వొద్దు. తర్వాత బొమ్మను ఏ3 సైజులో ప్రింటు తీయించి, దాని మీద పట్టీ వెడల్పు, టైలు జాయింటు మొదలయ్యే చోటు, అంచు ఎంత ముందుకు రావాలో పెన్నుతో రాసివ్వండి. ప్రతి కిటికీ పక్కన "కదపకూడదు" అని కూడా రాయండి.